పరిగెత్తే సీనుకు ముందు ఒక కాగితం అడగండి



యాన్యువల్ డే దగ్గర పడుతుంటే మీ ఇంటికి ఒక పర్మిషన్ స్లిప్ వస్తుంది. "మా అబ్బాయి/అమ్మాయి షార్ట్ ఫిల్మ్ షూటింగ్‌లో పాల్గొనడానికి అనుమతిస్తున్నాను" అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, ఏమైనా జరిగితే బాధ్యత తల్లిదండ్రులదే అన్న అర్థం వచ్చే ఒక లైను కూడా ఉంటుంది. ఉదయం బస్సు హారన్ వినిపిస్తుంటే మనం గబగబా సంతకం పెట్టి పంపించేస్తాం. ఆ స్లిప్‌లో షూటింగ్ ఎక్కడో, పిల్లలు ఏం చేస్తారో, పక్కన ఎవరుంటారో ఉండదు. అది అనుమతి పత్రం మాత్రమే, భద్రతా ప్రణాళిక కాదు. ఛేజింగ్ సీన్ ఉన్న ప్రతి షూటింగ్‌కూ ఆ రెండో కాగితం కూడా ఉండాలనీ, అది లేకుండా మనం సంతకం పెట్టకూడదనీ నా అభిప్రాయం.

ఇలా అనడానికి కారణం చెబుతాను. రెండేళ్ళ క్రితం భోగాపురం దగ్గర ఒక సరుగుడు తోటలో పిల్లల షూటింగ్‌కు సాయంగా వెళ్ళాను. పరిగెత్తే పిల్లలకు మోకాళ్ళ ప్యాడ్లు కట్టాం, షూ లేసులు చూశాం, దారిలో ముళ్ళు ఏరించాం. ఫోను పట్టుకున్న కుర్రాడికి మాత్రం ఎవరమూ ఏమీ చెప్పలేదు. వాడు పరిగెత్తి వచ్చే అమ్మాయిని తీస్తూ వెనక్కి నడుస్తున్నాడు. రాలిన సరుగుడు ఆకు కింద నరికిన చెట్టు మోడు ఒకటి ఉంది. మడమ దానికి తగిలి వెల్లకిలా పడ్డాడు. ఫోను పగలకూడదని ఒక చేత్తో దాన్ని పైకెత్తి, రెండో చెయ్యి నేలకు ఆన్చాడు. మణికట్టు ఎముక విరిగింది. పరిగెత్తిన అమ్మాయికి గీత కూడా పడలేదు. ఆ రోజు అక్కడున్న పెద్దవాళ్ళలో నేనూ ఒకణ్ణి, కాబట్టి ఆ తప్పులో నా వాటా ఉంది.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఛేజింగ్ సీన్‌లో ఎవరూ తాము వెళ్ళే వైపు చూడరు. పారిపోయే పిల్ల వెనక్కి తిరిగి చూస్తుంది. తరిమేవాడు ఆమె వీపును చూస్తాడు. కెమెరా పట్టుకున్నవాడు స్క్రీన్‌ను చూస్తాడు. డైరెక్టర్ సీను బాగా వస్తోందా లేదా అన్నదే చూస్తాడు. అందరూ కదులుతున్నారు, దారి చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. డ్యాన్సులోనూ ఫైటులోనూ జనం ఉన్నచోటే కదులుతారు కాబట్టి ఈ ఇబ్బంది అంతగా ఉండదు. అందుకే ఛేజింగ్‌కు విడిగా ప్లాన్ రాయాలి. ఆ ప్లాన్ చేయాల్సిన మొదటి పని, కదిలే ప్రతి మనిషికీ దారి చూసే ఒక జత కళ్ళు ఏర్పాటు చేయడం.

ఒక ఉదాహరణ తీసుకుని ప్లాన్ ఎలా రాయాలో చూద్దాం. కథ ఇది: తొమ్మిదో తరగతి అమ్మాయి దగ్గర ఒక సంచి ఉంది, ఇద్దరు దొంగలు తోటలో ఆమెను తరుముతారు. స్క్రీన్ మీద 45 సెకన్ల సీను. పిల్లలు సాధారణంగా చేసేది తోట ఈ చివర నుంచి ఆ చివరి దాకా పరిగెత్తించి, వెంట పరిగెడుతూ తీయడం. అది మానేసి సీనును ముక్కలు చేయాలి. అమ్మాయి ముఖం, దొంగ కాళ్ళు, చెట్టు చాటు నుంచి తొంగిచూడడం, సంచి జారిపోవడం, మలుపు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోవడం, ఇవన్నీ విడివిడి షాట్లు. వీటిలో చాలావాటికి నిలబడి నటిస్తే చాలు. ముగ్గురూ నిజంగా కలిసి పరిగెత్తాల్సిన షాట్లు రెండో మూడో తేలతాయి, ఒక్కొక్కటి ఐదారు సెకన్లు. ప్రమాదం మొత్తం ఆ రెండు మూడు షాట్లలోనే ఉంటుంది కాబట్టి ప్లాన్ కూడా వాటి గురించే రాస్తే సరిపోతుంది.

ఇక దారి సంగతి. తొమ్మిదో తరగతి పిల్లలు గట్టిగా పరిగెడితే సెకనుకు ఐదారు మీటర్లు వెళ్తారు. కాబట్టి ఐదారు సెకన్ల షాట్‌కు 30 మీటర్ల దారి కావాలి. అయితే "కట్" అనగానే ఎవరూ ఠక్కున ఆగలేరు. మాట చెవిన పడి కాళ్ళకు చేరేసరికి మూడు నాలుగు మీటర్లు, వేగం తగ్గించుకునేసరికి మరో ఐదారు మీటర్లు పోతాయి. అందుకే 30 మీటర్ల తర్వాత ఇంకో 12 మీటర్లు ఖాళీగా ఉంచాలి. పిల్లల షూటింగుల్లో మర్చిపోయేది ఈ ఆఖరి ముక్కనే. ఫ్రేములో కనిపించే నేలను శుభ్రం చేస్తారు, ఫ్రేము దాటాక ఉన్న గట్టునూ గోతినీ చూడరు.

మన ప్రాంతపు సరుగుడు తోటల్లో ఇంకో చిక్కు ఉంది. చెట్లు కొట్టేశాక మోళ్ళు జానెడో బెత్తెడో ఎత్తున మిగులుతాయి. రాలిన ఆకు వాటిని పరుపులా కప్పేస్తుంది. నిలబడి చూస్తే నేల చదునుగానే ఉంటుంది. కాబట్టి షూటింగ్ ముందు రోజు ఇద్దరు పెద్దవాళ్ళు ఆ 42 మీటర్లూ చీపురు కట్టతోనో, ఆకు లాగే పంజాతోనో ఊడ్చి చూడాలి. మోడు దొరికితే దారి పక్కకు జరపాలి. గుడ్డ చుట్టి, గుర్తు పెట్టి సరిపెట్టుకోకూడదు. ముక్కాం వైపు ఒడ్డున తీస్తే మోళ్ళ బదులు లంగరు తాళ్ళు, వలలు, పగిలిన గవ్వలు ఉంటాయి. తడి ఇసుక మీద కాలు నిలుస్తుంది, పొడి ఇసుకలో దిగబడి చీలమండ మడతపడుతుంది. రెండూ కలిసే చోట పరుగు పెట్టించకూడదు. పరుగు ఎంత బాగా వస్తున్నా నీళ్ళలోకి అడుగు పెట్టే షాట్ వద్దు.

దారి సరిచేశాక దాన్ని రెండు వరసలు చేయాలి. తరిమేవాడు సరిగ్గా అమ్మాయి వెనకే పరిగెడితే, ఆమె తూలిన క్షణంలో వాడు ఆమె మీద పడతాడు. అందుకే అతను ఒకటిన్నర మీటరు పక్కగా, ఐదారు మీటర్లు వెనకగా పరిగెత్తాలి. మరి దగ్గరికి వచ్చేసినట్టు కనిపించేదెలా? ఆ పని కెమెరా చేస్తుంది. ఫోను స్టాండు మీద పెట్టి, దూరంగా ఎదురుగా నిలబడి, కెమెరాలో 2x లేదా 3x నొక్కితే ముందూ వెనకా ఉన్న ఇద్దరి మధ్య దూరం నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. ఆరు మీటర్ల ఎడం కూడా చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా అనిపిస్తుంది. వేగానికీ ఇదే సూత్రం. పిల్లలను పూర్తి వేగంతో పరిగెత్తించనక్కర్లేదు. ముప్పావు వేగంతో పరిగెత్తించి, ఎడిటింగ్‌లో కొద్దిగా స్పీడు పెంచి, అడుగుల చప్పుడు, రొప్పు తర్వాత కలిపితే చూసేవాళ్ళకు తేడా తెలియదు. వెనక్కి తిరిగి చూసే షాట్‌ను విడిగా, మెల్లగా నాలుగు అడుగులు నడిపించి దగ్గర నుంచి తీయాలి. పరిగెడుతూ వెనక్కి చూడమని ఏ పిల్లకూ చెప్పకూడదు.

కెమెరా కదిలి తీరాలంటే, వెనక్కి నడిచేవాడి నడుము దగ్గర బెల్టో చొక్కానో పట్టుకుని ఒక మనిషి కూడా నడవాలి. ఆ మనిషి ముఖం దారి వైపు ఉండాలి. సినిమా సెట్లలో స్టెడీక్యామ్ పట్టుకున్నవాళ్ళ వెనక ఇలా ఒకరు నడవడం మామూలే. పిల్లల షూటింగ్‌లో ఆ మనిషి పెద్దవాళ్ళలో ఒకరై ఉండాలి, నడకే తప్ప పరుగు ఉండకూడదు. స్కూటీ వెనక సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని తీయడం పిల్లలకు భలే ఇష్టం. దానికి ప్లాన్‌లో చోటే లేదు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు గేర్ల బండి గానీ స్కూటీ గానీ ఇచ్చి, ఏదైనా జరిగితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బాధ్యత తల్లిదండ్రులది, బండి యజమానిది. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. షూటింగ్ అన్న మినహాయింపు అందులో లేదు.

కెమెరా వెనక ఉన్నవాళ్ళ గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానో ఒక ఘటన చెబితే తెలుస్తుంది. 2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 'మిడ్‌నైట్ రైడర్' అనే సినిమా షూటింగ్ జరుగుతోంది. నది మీది రైలు వంతెనపై, పట్టాల మీద మంచం వేసి సీను తీయబోయారు. పట్టాల మీద తీయడానికి రైల్వే కంపెనీ అనుమతి ఇవ్వలేదు. రైలు రానే వచ్చింది. చనిపోయిన అమ్మాయి సారా జోన్స్, కెమెరా అసిస్టెంటు, వయసు 27. మరికొందరు గాయపడ్డారు. ఏడాది తర్వాత దర్శకుడు కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్ళాడు. తెర మీద కనిపించే నటుడి గురించి అందరికీ గుర్తుంటుంది. తెర వెనక ఫోనో, లైటో, నీళ్ళ బాటిలో పట్టుకుని నిలబడే పిల్లవాడి గురించి కాగితం మీద రాస్తేనే గుర్తుంటుంది.

ఇప్పుడు ఆపే మాట. ఛేజింగ్ సీన్‌లో తరిమేవాడి డైలాగే "ఆగు! ఆగు!" అని. నిజంగా ఎవరైనా పడిపోయి "ఆగండి" అని అరిస్తే మిగతావాళ్ళు నటన అనుకుని పరిగెడుతూనే ఉంటారు. పైగా మన ఒడ్డున గాలి, అలల హోరు వల్ల ఇరవై మీటర్ల దూరం నుంచి పిలుపు సరిగ్గా వినపడదు. అందుకే ఆపడానికి ఒక్క విజిల్ పెట్టుకోవాలి. మొదలుపెట్టడానికి, ఓకే చెప్పడానికి ఆ విజిల్ వాడకూడదు. విజిల్ వినపడితే కారణం అడక్కుండా అందరూ ఆగిపోవాలి. విజిల్ ఊదడానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి ఆ రోజు వేరే పని ఉండకూడదు. డైరెక్టర్ అయిన పిల్లవాడికి గానీ, కెమెరా చూసే సార్‌కు గానీ అది ఇవ్వకూడదు, ఎందుకంటే వాళ్ళ మనసు షాట్ మీద ఉంటుంది. మన స్కూళ్ళలో దీనికి తగినవారు పీఈటీ సారో మేడమో. పిల్లల కాళ్ళు అలసిపోయినట్టు ముందుగా పసిగట్టేదీ వాళ్ళే.

అలసట గురించి కూడా ప్లాన్‌లో ఒక వాక్యం ఉండాలి. మొదటి టేకులో పిల్లలు జాగ్రత్తగా ఉంటారు. "సార్, ఇంకొక్క టేకు సార్" అన్నప్పటి నుంచి కాలు తడబడడం మొదలవుతుంది. పరుగు షాట్‌కు ముందు ఒకసారి నడక, ఒకసారి సగం వేగం, ఆ తర్వాత నాలుగు టేకులు. ఐదోది లేదు. రాకపోతే ఉన్నదానితోనే ఎడిటింగ్. మన సముద్ర గాలిలో చెమట ఆరదు, కాబట్టి పరుగు షాట్లు ఉదయం తొమ్మిది లోపు అయిపోవాలి. టేకుకూ టేకుకూ మధ్య నీడలో కూర్చోబెట్టాలి. పిల్ల మాట తగ్గించినా, తల పట్టుకున్నా, అడుగు ఈడుస్తున్నా ఆ రోజుకు పరుగు చాలు.

పర్మిషన్ కూడా ఒక భద్రత విషయమే. తోట యజమాని దగ్గర, పంచాయతీలో, పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పాలి. ముఖానికి గుడ్డ కట్టుకున్న ఇద్దరు, కేకలు పెడుతున్న అమ్మాయిని తరుముతుంటే దారిన పోయేవాళ్ళు ఏమనుకుంటారు? 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు నమ్మి, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో జనం అమాయకులను కొట్టిన సంగతి మర్చిపోకూడదు. మన పిల్లలు ఆ స్థానంలో ఉండకూడదు. అందుకే తోటలోకి వచ్చే ప్రతి దారిలోనూ "స్కూలు పిల్లల షూటింగ్ జరుగుతోంది" అని పెద్ద అక్షరాలతో బోర్డు, బోర్డు దగ్గర ఒక మనిషి ఉండాలి. కత్తి అయినా తుపాకీ అయినా అట్టముక్కతో చేసిందే ఉండాలి, షాట్ అవగానే సంచిలో పెట్టేయాలి. ఎయిర్‌పోర్టు పనుల వల్ల మన వైపు లారీల రాకపోకలు పెరిగాయి. నేషనల్ హైవే, సర్వీసు రోడ్డు, ఊళ్ళోకి వెళ్ళే తారు రోడ్డు, ఏ రోడ్డు మీదా పిల్లలతో ఛేజింగ్ తీయకూడదు.

ఇంకొక మాట పిల్లల నోటి నుంచి రావాలి. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో 'మాస్తి గుడి' అనే కన్నడ సినిమా క్లైమాక్స్ తీస్తూ, ఇద్దరు నటులను హెలికాప్టర్ నుంచి నీళ్ళలోకి దూకించారు. లైఫ్ జాకెట్లు లేవు. తమకు ఈత అంతగా రాదని వాళ్ళు అంతకుముందే టీవీ వాళ్ళతో చెప్పారు. ఇద్దరూ మునిగిపోయారు. ఈత రాదన్న మాట టీవీకి చేరింది కానీ, షాట్ ఆపగలిగిన మనిషి దాన్ని పట్టించుకోలేదు. మన పిల్లలు ఇంకా మొహమాటస్తులు. స్నేహితుల ముందు "నాకు భయంగా ఉంది", "నాకు ఆయాసం ఉంది" అని చెప్పరు. అందుకే ముందు రోజు పీఈటీ సారో మేడమో ప్రతి పిల్లనూ విడిగా పిలిచి అడగాలి. ఆస్తమా ఉందా, ఈ మధ్య ఎక్కడైనా బెణికిందా, ఏ షాట్ అయినా వద్దనిపిస్తోందా? వద్దన్నవాళ్ళను ఎందుకని అడక్కుండా, పేరు చెప్పకుండా వేరే పనికి మార్చాలి. మీకు తెలిసిన ఆరోగ్య సమస్యలు మీరు రాసి పంపించండి.

ఇన్ని చేసినా పడేవాళ్ళు పడతారు. అప్పటి కోసం ప్లాన్ చివర నాలుగు వాక్యాలు చాలు. 108కి ఎవరు ఫోన్ చేస్తారు. ఆ చోట సిగ్నల్ ఉందని ముందు రోజు ఫోన్ చేసి చూసిందెవరు. తోటకు డోర్ నంబరు ఉండదు కాబట్టి, ఏ గుడి దగ్గర, ఏ మలుపులో తిరగాలో అంబులెన్సు వాళ్ళకు చెప్పాల్సిన మాటలు. ఆ మలుపులో నిలబడి చెయ్యి ఊపే మనిషి ఎవరు. తల నేలకు తగిలినా, మెడ నొప్పి అన్నా పిల్లను లేపి కూర్చోబెట్టకుండా అలాగే ఉంచాలని అక్కడి పెద్దవాళ్ళందరికీ తెలిసి ఉండాలి.

"ఇంత తంతు పెడితే టీచర్లు అసలు షూటింగే మానేస్తారు" అని ఒక మిత్రుడు నాతో అన్నారు. సిలబస్ ఒత్తిడి, పరీక్షలు నాకు తెలియనివి కావు. కానీ నేను చెప్పినవన్నీ రాస్తే ఒక పేజీ అవుతుంది. రాసే పని కూడా టీచర్ మీద వేయనక్కర్లేదు. స్క్రిప్టు రాసిన పిల్లల చేతే రాయించి, పీఈటీ సార్ చూసి సంతకం పెడితే సరిపోతుంది. మొన్న ఒక బృందం చేత అలా రాయించాం. దారి కొలుస్తూ కొలుస్తూ వాళ్ళే రెండు పరుగు షాట్లు కొట్టేసి, వాటి బదులు చెట్ల మధ్య నీడ కదిలే షాట్ ఒకటి పెట్టారు. ఆ కుర్రాడు, మణికట్టు విరిగినవాడు, ఇప్పుడు పదకొండులో ఉన్నాడు. ఆ రోజు విజిల్ వాడి చేతికే ఇద్దామనుకున్నాం, కానీ వాడు కెమెరానే అడిగాడు. ఇచ్చాం. వెనక బెల్టు పట్టుకుని నేను నడిచాను.

ఈసారి స్లిప్ వచ్చినప్పుడు వెనక్కి తిప్పి చూడండి. ఖాళీగా ఉంటే అక్కడే ఇలా రాసి పంపండి: "ఛేజింగ్ సీన్ ఉందా? ఉంటే చోటు, దారి కొలత, విజిల్ ఎవరి చేతిలో ఉంటుందో, కెమెరా పట్టుకున్న పిల్లల వెనక ఎవరు ఉంటారో తెలియజేయగలరు." జవాబు వచ్చాక సంతకం పెట్టండి.